చీమా చీమా ఎందుకు కుట్టావు?

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు. పొద్దున లేచిన దగ్గర్నుంచి 'ఎందుకు నాన్నా' తప్ప వేరే మాట లేదు. మొన్న ఆదివారం నిమ్మకాయ నీళ్లలో ఐసుముక్క వేసిస్తే, 'ఇది ఎందుకు తేలుతోంది?' అంది. తేలిక కాబట్టి అన్నాను. ఎందుకు తేలిక? గడ్డకడితే నీళ్లు ఉబ్బుతాయి కాబట్టి. ఎందుకు ఉబ్బుతాయి? అక్కడ నా బండి ఆగిపోయింది. 'అంతేనమ్మా, నీళ్లు అంతే' అన్నాను. 'అంతే ఎందుకు?' అంది. బీటెక్ చదివినవాణ్ణి, మూడో ప్రశ్న దాటలేకపోయాను. ఆ రాత్రి చాక్లెట్ తిని తినలేదంది. అబద్ధం ఆడకూడదని చెప్పాను. మళ్లీ ఎందుకు, ఎందుకు. నాలుగైదు సార్లకి ఓపిక పోయి 'నోరు మూసుకుని పడుకో' అని అరిచాను. ఏడుస్తూ పడుకుంది. అంతకు కాసేపటి ముందే మేనేజర్ ఫోన్ చేస్తే బయట ఉన్నానని చెప్పాను, పాప పక్కనే ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందంటారా? అసలు కారణాలు ఎక్కడో ఒకచోట అయిపోవాలి కదా, ఎక్కడ ఆపాలి? మాటిమాటికీ తెలియదంటే నాన్న మీద గౌరవం ఉంటుందా?

— ఒక తండ్రి, హైదరాబాద్

సమాధానం: ముందు ఐసు సంగతి తేల్చేద్దాం. హైస్కూల్లో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, అది తేల్చకుండా ముందుకు పోలేను.

మీరు చెప్పిన రెండు జవాబులూ సరైనవే. లీటరు నీళ్లు కిలో బరువుంటే, అదే కొలతలో ఐసు 917 గ్రాములే ఉంటుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, అందుకే ఆ తేడా. మీరు ఆగిన మూడో మెట్టు దగ్గర నుంచి నేను దిగుతాను, చూడండి.

నీటి అణువులో మధ్యన ఒక ఆక్సిజన్, దానికి రెండు చెవుల్లా రెండు హైడ్రోజన్లు ఉంటాయి. నీళ్లు నీళ్లుగా ఉన్నప్పుడు ఈ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటూ వదిలేస్తూ, తోసుకుంటూ తిరుగుతుంటాయి. గడ్డకట్టేటప్పుడు మాత్రం ఒక్కో అణువు తన చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుని కదలకుండా నిలబడిపోతుంది. పాపకు ఇలా చెప్పొచ్చు: స్కూలు బస్సులో పిల్లలు ఎలా కిక్కిరిసి నిలబడతారు? అదే పిల్లలు గ్రౌండులోకి దిగి, చేతులు బారజాపి పట్టుకుని గుండ్రంగా నిలబడితే ఎంత చోటు కావాలి? పిల్లలు పెరగలేదు, మధ్యలో ఖాళీ పెరిగింది. ఐసు అంటే చేతులు బారజాపి నిలబడిన నీళ్లు.

'ఎందుకు పట్టుకుంటాయి?' అంటుంది. ఆక్సిజన్ వైపు కొంచెం రుణ విద్యుత్తు, హైడ్రోజన్ చెవుల వైపు కొంచెం ధన విద్యుత్తు ఉంటాయి, ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ప్లాస్టిక్ దువ్వెన పొడి జుట్టు మీద నాలుగు సార్లు దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి చూడండి, ఆ బంధువే ఇది. 'ఎందుకు లాక్కుంటాయి?' అంటుంది. ఇక్కడికి వచ్చేసరికి నా కాలికి కూడా నేల తగలడం మొదలవుతుంది. ఆ లాగుడు ఎలా జరుగుతుందో రాసిన లెక్కలున్నాయి, ఆ లెక్కలు అద్భుతంగా సరిపోతాయి. ఆ లాగుడు ఎంత బలమైందో చెప్పే ఒక సంఖ్య కూడా ఉంది, దాదాపు 137లో ఒక వంతు. దాన్ని కొలిచారు, చాలా సూక్ష్మంగా కొలిచారు. కానీ అది 137లో ఒక వంతే ఎందుకు, మరో సంఖ్య ఎందుకు కాకూడదు అంటే, ఇప్పటిదాకా లోకంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

అంటే మీ పాప అటు రెండు ప్రశ్నలూ ఇటు రెండు ప్రశ్నలూ వేసి, మనుషులకు తెలిసిన దాని అంచుకు చేరిపోతుంది. అంత దగ్గరలో ఉంది ఆ అంచు. పక్కదారులు వేరే. 'తేలికైతే మాత్రం ఎందుకు తేలాలి?' అని రెండో మెట్టు దగ్గరే పక్క సందులోకి తిరిగి ఉంటే ఇంకో కథ నడిచేది. ఆ సందులోకి ఇప్పుడు వెళ్లను.

నేను చెప్పదలచుకుంది ఇది. మూడో మెట్టు దగ్గర మీరు 'అంతే' అన్నారు. అక్కడ అయిపోయింది మీకు తెలిసింది మాత్రమే, కారణాలు అయిపోలేదు. ఆరో మెట్టు దగ్గర నేను 'అంతే' అంటే అక్కడ అయిపోయింది మనందరికీ తెలిసింది. పాప చెవికి రెండూ ఒకే 'అంతే'. ఒకటి నాన్న గది గోడ, ఇంకోటి ఊరి పొలిమేర. రెండింటికీ ఒకే మాట వాడితే ఆ పిల్లకు గది గోడే పొలిమేర అనిపిస్తుంది. అందుకే మూడో మెట్టు దగ్గర 'నాకు ఇంతవరకే తెలుసు, తెలిసినవాళ్లు ఉన్నారు, ఎవర్ని అడుగుదాం?' అనాలి. ఆరో మెట్టు దగ్గర 'ఇది ఇంకా ఎవరికీ తెలియదు' అనాలి. ఈ రెండు వాక్యాలకూ పిల్లల ముఖం మారే తీరు వేరుగా ఉంటుంది, గమనించండి. రెండోది విన్నప్పుడు మా క్లాసులో వెనక బెంచీ కూడా ఒక్క క్షణం తలెత్తేది.

నా సంగతి చెప్తే మీకు కాస్త ఊరట కలుగుతుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు, జామకాయ కింద పడింది, ఎందుకు పడింది అంది. భూమి గురుత్వాకర్షణ వల్ల అన్నాను, టీచర్ గొంతుతో. అంటే ఏంటి అంది. భూమి వస్తువుల్ని కిందికి లాగడం అన్నాను. లాగుతుందని ఎలా తెలుసు అంది. వస్తువులు పడుతున్నాయి కదా అన్నాను. ఆమె జామకాయ కొరుక్కుంటూ, 'అంటే పడుతుంది కాబట్టి పడుతుందన్నమాట' అని లోపలికి వెళ్లిపోయింది. నేను పెరట్లో ఒక్కణ్ణే మిగిలాను. మన వాళ్లు అంటారే, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అని, అలాంటి జవాబు చెప్పాను నేను. తర్కం చదివినవాళ్లు దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు. నేను తెలియదనలేదు. తెలియకపోవడానికి ఒక పెద్ద పేరు తొడిగాను. మీరు 'నీళ్లు అంతే' అన్నది నా జవాబు కంటే నిజాయితీగా ఉంది, కనీసం దానికి వేషం లేదు.

గౌరవం సంగతి అడిగారు కాబట్టి, ఆ గురుత్వాకర్షణ గురించే ఇంకో మాట. న్యూటన్ 1687లో తన మహాగ్రంథం వేశాడు. జామకాయ పడటమూ చంద్రుడు తిరగడమూ ఒకే లెక్కలో ఇమిడాయి. కానీ వస్తువులు దూరం నుంచి ఎందుకు లాక్కోవాలి అని ఆయన్ని చాలామంది నిలదీశారు. 1713లో రెండో ముద్రణ వేసినప్పుడు చివర కొన్ని పేజీలు చేర్చి, దానికి కారణం నేను కనుక్కోలేకపోయాను, ఊహలు అల్లి చెప్పను అని రాసేశాడు. అచ్చు వేసి మరీ తెలియదన్నాడు. ఆయన గౌరవానికి ఏమైనా లోటు వచ్చిందా? ఆ 'ఎందుకు' అలా రెండు వందల ఏళ్లు పడి ఉంది. 1915లో ఐన్‌స్టీన్ వచ్చి, లాగడం కాదు, బరువైన వస్తువు చుట్టూ చోటూ కాలమూ వంగుతాయి అన్నాడు. మరి ఎందుకు వంగాలి అంటే, మళ్లీ పొలిమేర. పొలిమేర జరిగింది, పోలేదు. ఇదంతా అయిదేళ్ల పాపకు చెప్పమనడం లేదు. తెలియదన్న మాట నోట్లో అడ్డం పడుతుంటే మీరు గుర్తు చేసుకోవడానికి.

ఇప్పుడు వెనక్కి, ఆ నిమ్మకాయ నీళ్ల గ్లాసు దగ్గరికి రండి. మీరు జవాబు చెప్పడానికి ముందు ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది: 'మరి ఏం అవుతుందనుకున్నావు?'

ఏ 'ఎందుకు' వెనకైనా 'అలా కాకుండా' అన్నది దాక్కుని ఉంటుంది. ఐసు ఎందుకు తేలింది, మునగకుండా? పాప బహుశా గట్టివన్నీ మునుగుతాయి అనుకుని ఉంటుంది, రాయి, చెంచా, పటికబెల్లం ముక్క. అలాగైతే ఆమె అడిగింది గట్టిదనం గురించి. లేదా నీళ్లే కదా ఐసు, నీళ్లు నీళ్లలో ఎలా తేలతాయి అనుకుని ఉండొచ్చు. అప్పుడు ప్రశ్న పూర్తిగా వేరు. ఆ రెండో ప్రశ్న అయితే మాత్రం అయిదేళ్ల పిల్ల చాలా లోతు ప్రశ్న వేసినట్టే, ఎందుకంటే ఇక్కడ నీళ్లే వింత. చాలా పదార్థాలు గడ్డకడితే తమ ద్రవంలో మునుగుతాయి. మన ఇళ్లలో నెయ్యి పూస కట్టి సీసా అడుగుకు దిగుతుంది చూడండి, పైకి తేలదు.

దీన్ని ఒక ఆదివారం చూపించొచ్చు. చిన్న గిన్నెలో కొబ్బరి నూనె పోసి ఫ్రిజ్‌లో పెడితే గంటా రెండు గంటల్లో గడ్డ కడుతుంది. అందులోంచి ఒక ముక్క తీసి, గాజు గ్లాసులో ఉన్న కరిగిన కొబ్బరి నూనెలో వేయండి. మునుగుతుంది. గబగబా చూడాలి, లేకపోతే కరిగిపోతుంది. ముక్కలో గాలి బుడగలు చిక్కుకుంటే తేలి మిమ్మల్ని అబద్ధాలకోరును చేస్తుంది, కాబట్టి చెంచాతో గీకిన తురుము వద్దు, గట్టి ముక్క తీసుకోండి. పక్కన ఇంకో గ్లాసులో నీళ్లు, ఐసు. ఐసుముక్క తేలుతుందన్నా, ఎంత కొద్దిగా తేలుతుందో పాపకు చూపించండి. దాదాపు పన్నెండో వంతే పైకి కనిపిస్తుంది, మిగతాదంతా నీళ్లలోనే. ఈ రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టాక ఆమె వేసే 'ఎందుకు'కి జవాబు చెప్పడం మీకే తేలికవుతుంది, ఏది ఎందుకో ఇద్దరికీ కనిపిస్తుంది కాబట్టి.

అలాగే ఆమె నిజంగా దిగుతోందా, ఉన్నచోటే తిరుగుతోందా అన్నది తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. పిల్లలు ఊరికే మాట సాగదీయడానికి ఎందుకు అంటారని పెద్దవాళ్లకు ఒక అనుమానం, మీ ఉత్తరంలోనూ దాని వాసన ఉంది. 2009లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బడికి పోని వయసు పిల్లలు పెద్దవాళ్లతో మాట్లాడిన మాటలు పట్టి చూశారు. కారణం చెప్పినప్పుడు పిల్లలు ఎక్కువగా తలూపడమో, దాని మీద కొత్త ప్రశ్న వేయడమో చేశారు. కారణం కాని జవాబు వచ్చినప్పుడు అదే ప్రశ్నను తిప్పి అడిగారు, లేదా తామే ఒక కారణం చెప్పుకున్నారు. కాబట్టి ఆమె రెండో 'ఎందుకు'లో కొత్త మాట ఉందా చూడండి. 'ఎందుకు తేలిక', 'ఎందుకు ఉబ్బుతాయి' అన్నప్పుడు మీ జవాబులోని మాటను పట్టుకుని కిందికి దిగింది. 'అంతే ఎందుకు' అన్నప్పుడు దిగలేదు, మీరు కారణం ఇవ్వలేదని చెప్పింది. అది మొండితనం కాదు, రసీదు.

అన్ని ఎందుకులూ ఒక జాతి కాదన్నది మన ఇళ్లలో పిల్లలందరికీ చెప్పే కథలోనే ఉంది. ఏడు చేపల కథ మీరూ విన్నారు, పాపకూ చెప్పే ఉంటారు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. ఆవా, పాలేరు మేపలేదు. పాలేరా, అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వా, పాప ఏడ్చింది. పాపా, చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావు? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!

మొదటి జవాబు చూడండి, గడ్డిమేటు అడ్డమొస్తే ఎండ పడదు, చేప ఎండదు. అది ఐసు జాతి కారణం. గడ్డిమేటుకు ఇష్టాయిష్టాలు లేవు. పాలేరు దగ్గరికి వచ్చేసరికి జాతి మారింది. అన్నం పెట్టకపోతే పని చేయను అంటున్నాడు. అది మనిషి చెప్పుకునే కారణం, సాకు అని కూడా అనొచ్చు. చీమ దగ్గరికి వచ్చేసరికి ఇంకా మారింది. చీమ తిరిగి ప్రశ్న వేసింది, కుట్టనా అని. నా ఇల్లు, నాకు హక్కుంది అంటోంది. ఇక దాన్ని ఎందుకు అని అడగడానికి ఎవరికీ నోరు రాదు. కథ చేప దగ్గర ఎండతో మొదలై, చీమ దగ్గర న్యాయంతో ఆగింది. ఎక్కడ మారిందో వినేవాళ్లకు తెలియదు, అన్నిచోట్లా మాట ఒక్కటే కాబట్టి, ఎందుకు.

(అక్కడా ఆగని వాళ్లున్నారు లెండి. మా మనవరాలు ఈ కథ చివర 'మరి పాప పుట్టలో వేలెందుకు పెట్టింది?' అంది. నాకు తెలియదు, పాపనే అడగాలి అన్నాను. 'లోపల ఏముందో చూద్దామని' అంది, తనే ఆ పాప అయినట్టు.)

మీ రెండో కథ, చాక్లెట్ కథ, చీమ జాతిది. దాన్ని మీరు ఐసు జాతి కారణాలతో నడపబోయి ఇరుక్కున్నారని నా అనుమానం. ఏం చెప్పారో రాయలేదు కాబట్టి మామూలుగా మనమందరం చెప్పేది చెప్పారనుకుంటాను. అబద్ధం ఎందుకు ఆడకూడదు? నిన్ను ఎవరూ నమ్మరు. నాన్నా పులి కథ. ఎందుకు నమ్మరు? ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది. 'తెలియకపోతే?'

ఈ 'తెలియకపోతే' దగ్గర చాలామంది నాన్నలు బోర్లాపడతారు. దేవుడు చూస్తాడనో, పోలీసు వస్తాడనో, నాలుక మీద కురుపు లేస్తుందనో ఒక బూచాణ్ణి తెచ్చి పెడతారు. చిక్కేమిటంటే, బూచాడి మీద నిలబెట్టిన కారణం బూచాడు లేడని తెలిసిన రోజున కూలుతుంది. కురుపు లేవలేదని పాప అద్దంలో చూసుకోవడానికి రెండు రోజులు చాలు.

మీ కారణం నిజంగా మీదేనా అని చూసుకోవడానికి ఒక పని చేయండి. దాన్ని తీసేసి చూడండి. ఎవరికీ, ఎప్పటికీ తెలియదనుకోండి. అప్పుడు మీ పాప మీతో అబద్ధం ఆడితే మీకు పరవాలేదా? పరవాలేదు అనిపిస్తే, తెలిసిపోతుందన్నదే మీ కారణం, నిజాయితీగా అంతవరకే చెప్పండి. కాదు, అప్పుడూ బాధే అనిపిస్తే, మీ కారణం ఇంకా కింద ఉంది, మీరే ఇంకా అక్కడికి దిగలేదు. నేను దిగితే నాకు దొరికింది ఇలా ఉంటుంది: 'నువ్వు చెప్పిన మాట నిజమో కాదో చూసుకునే పని నాకు ఉండకూడదు. అలా మనం ఉండాలని నాకు ఇష్టం.' ఎందుకు ఇష్టం? 'నువ్వంటే ఇష్టం కాబట్టి.' ఎందుకు ఇష్టం? దానికి నా దగ్గర కారణం లేదు. ముద్దొస్తావనో బాగా చదువుతావనో చెప్తే అవి అబద్ధాలవుతాయి. ముద్దురాని రోజు కూడా ఇష్టమే కదా.

ఈ చివర ఐసు చివర లాంటిది కాదు. ఐసు దగ్గర ఇంకెవరో రేపు కనిపెట్టి పొలిమేర జరపొచ్చు. ఇక్కడ కనిపెట్టడానికి ఎవరూ ల్యాబుల్లో కూర్చుని లేరు. ఇది మీరు నిలబడిన చోటు. 'ఇది నాకు తెలిసింది కాదమ్మా, నేను ఎంచుకున్నది' అని చెప్పొచ్చు. అయిదేళ్లకు ఈ మాట పూర్తిగా అర్థం కాదు. మీ గొంతు మాత్రం అర్థమవుతుంది, దబాయిస్తున్నారా చెప్తున్నారా అన్నది.

ఇక ఫోను. సంబంధం ఉందా అని మీరు అడగడంలోనే జవాబు ఉంది, లేదనుకుంటే ఉత్తరంలో రాసేవారు కాదు. ఆమె 'ఎందుకు ఆడకూడదు' అని అడగలేదేమో, 'నేను మాత్రమే ఎందుకు ఆడకూడదు' అని అడిగిందేమో. మళ్లీ ఆ దాక్కున్న సగం. అయిదేళ్ల పిల్లకు ఆ సగాన్ని బయటకు చెప్పే మాటలు ఉండవు, అందుకే ఒకటే ప్రశ్న నాలుగు సార్లు వచ్చింది. పైన చెప్పిన గుర్తు ప్రకారం చూస్తే అదే రసీదు.

కఠోపనిషత్తు మొదలయ్యేదే ఇలా. నచికేతుడి తండ్రి యాగం చేసి ఆవుల్ని దానం ఇస్తున్నాడు. అవి ఎలాంటి ఆవులు? నీళ్లు తాగడం, గడ్డి మేయడం అయిపోయినవి, పాలు పిండేసినవి, ఇక ఈనే ఓపిక లేనివి. పిల్లవాడు అది చూశాడు. ఆవుల గురించి ఏమీ అనలేదు. 'నాన్నా, నన్ను ఎవరికిస్తావు?' అన్నాడు. తండ్రి పలకలేదు. రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. తండ్రికి కోపమొచ్చి 'నిన్ను యముడికిస్తాను పో' అన్నాడు. మనం అంతా యముడి ఇంటి దగ్గర జరిగిన సంభాషణ గురించే మాట్లాడుకుంటాం. నాకు మాత్రం ఆ మూడోసారి దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఆ తండ్రికి కోపం వచ్చింది ప్రశ్న కష్టమై కాదు, పక్కన బక్క ఆవులు నిలబడి ఉన్నాయి కాబట్టి. మీ ఇంట్లో ఆ రాత్రి బక్క ఆవు ఆ ఫోనే.

కాబట్టి పాపకు అబద్ధం మీద పాఠం మళ్లీ మొదలుపెట్టకండి. ఒక సాయంత్రం మామూలుగా కూర్చున్నప్పుడు, 'మొన్న ఫోన్లో నేను బయట ఉన్నానని చెప్పాను, ఇంట్లోనే ఉన్నాను, అది అబద్ధం' అనండి. ఎందుకు ఆడావు నాన్నా అంటుంది, తప్పకుండా. నిజం చెప్పండి. సెలవు రోజు పని చెప్తారని భయమేసింది, వద్దు అని చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అది చేప ఎండకపోవడం లాంటి కారణం, ఎందుకు జరిగిందో చెప్తుంది, జరగడం సరైందని చెప్పదు. ఆ తేడా ఆమెకు ఇప్పుడు వివరించనక్కర్లేదు. మీకు తెలిసి ఉంటే చాలు. అరిచినందుకు కూడా అప్పుడే ఒక మాట అనేయండి, దాన్ని వేరే పెద్ద సీను చేయకండి.

రాత్రి పడుకునే వేళ వచ్చే ఎందుకుల గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిదిన్నరకి వచ్చే పదో 'ఎందుకు' దగ్గర అయిపోయేది కారణాలు కాదు, నాన్న. అప్పుడు 'నాకు నిద్రొస్తోంది, నా బుర్ర పనిచేయట్లేదు, దీన్ని రేపు చూద్దాం' అనడం పూర్తిగా సబబు. కానీ రేపు చూడాలి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉండేది, మిగిలిపోయిన ప్రశ్నలు దాని మీద రాసేవాళ్లం, మా అమ్మాయి రాయడం రాని రోజుల్లో బొమ్మ వేసేది. జామకాయ ప్రశ్న చాలా రోజులు ఉంది. పాత ప్రశ్నల్లో సగం తర్వాత ఆమెకే అక్కర్లేకుండా పోయేవి. మిగతా సగం కోసం నేను లైబ్రరీకి పోవాల్సి వచ్చేది, ఫిజిక్స్ టీచర్‌నై ఉండి.

మొదలుపెట్టడానికి ఉబ్బడం దగ్గర్నుంచే మొదలుపెట్టండి, మీరు ఆగింది అక్కడే కాబట్టి. గాజు సీసా వద్దు, పగులుతుంది. ప్లాస్టిక్ సీసా, నిటారుగా ఉండేది, ముప్పావు వంతు నీళ్లు. నీటి మట్టం దగ్గర పాప చేతే స్కెచ్ పెన్నుతో గీత గీయించి, రాత్రి ఫ్రీజర్లో నిలబెట్టండి. పొద్దున గీతకు పైన ఐసు ఎంత లేచిందో ఆమె వేలితో కొలుస్తుంది. పది సెంటీమీటర్ల నీళ్లకు ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువ లేస్తుంది, మధ్యలో కొంచెం బుడిపెలా ఉంటుంది. మూత మాత్రం పెట్టకండి. ఎందుకు పెట్టలేదు అని అడుగుతుంది, ఆ జవాబు మీకు తెలుసు.